ఏనుగు పాటకు "పిల్లల కోసం కాదు" అని పెట్టమన్నారు

పొద్దున్నుంచి ఒళ్లు మండిపోతోంది. నేను ఎడిటింగ్ చేసిపెట్టే యూట్యూబ్ చానెల్ ఓనరు అన్న ఫోన్ చేసి, "నిన్నటి వీడియోకి కిడ్స్ ఆప్షన్ తీసేయ్, నో పెట్టు" అన్నాడు. ఆ వీడియో ఏంటో తెలుసా? బొమ్మ ఏనుగు ఒకటి నుంచి పది దాకా అంకెలు నేర్పే పాట. మొదట్లో ఆయన ఆరేళ్ల కూతురే కనిపించి "రండి లెక్కపెడదాం" అంటుంది. ఇది మూడేళ్ల పిల్లల కోసం కాకపోతే ఎవరి కోసం?

ఆయన బాధ నాకు తెలుసు. ఇది పిల్లల కోసం చేసిందా అని యూట్యూబ్ అడిగేచోట `Yes, it's made for kids` అని పెడితే కామెంట్లు పోతాయి, చివర్లో వేరే వీడియోలు చూపించే ఎండ్ స్క్రీన్ పోతుంది, చూసేవాళ్ల అలవాట్లను బట్టి వేసే ప్రకటనలు ఆగిపోతాయి. ఆదాయం బాగా తగ్గుతుంది. కాదనను. కానీ అవి ఎందుకు ఆగిపోతాయో కూడా చూడాలి కదా! ఆ సెట్టింగు ఉన్నదే పిల్లల సమాచారం సేకరించి దాన్నిబట్టి ప్రకటనలు వేయకుండా ఉండటానికి. పదమూడేళ్ల లోపు పిల్లల సమాచారం గురించి అమెరికాలో 1998లోనే చట్టం వచ్చింది. దాని కిందే 2019లో గూగుల్, యూట్యూబ్ 17 కోట్ల డాలర్లు కట్టాయి. ఆ తర్వాతే, 2019 నవంబరులో, ఈ ప్రశ్న ప్రతి చానెల్‌కీ వచ్చింది, అది ఏ దేశందైనా సరే. "అమెరికా చట్టం మనకెందుకురా" అంటాడు అన్న. మన దేశంలో 2023లో చేసిన డేటా చట్టం కూడా పిల్లలకు గురిపెట్టి ప్రకటనలు వేయొద్దనే చెబుతోంది.

ఇంకో మాట అన్నాడు. "నో పెడితే పెద్దల వీడియో అనుకుంటారేమో, అందుకే ఇన్నాళ్లూ భయపడ్డా." అయ్యో, ఆ రెండూ వేరు! పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకే అని పెట్టే వయసు పరిమితి ఇంకో ప్రశ్న. వంట వీడియోకో, ఇల్లు సర్దుకునే వీడియోకో నో పెడితే అది పెద్దలకు మాత్రమే అయిపోదు. పిల్ల కనిపించిందని ప్రతి వీడియో పిల్లల వీడియో కూడా అయిపోదు. అమ్మ తన కాన్పు అనుభవం చెబుతూ ఒళ్లో బిడ్డను పెట్టుకుంటే అది అమ్మల వీడియోనే. చూడాల్సింది ఎవరి కోసం చేశామన్నది. అంకెల పాటకు ఆ సందేహమే లేదు.

సరే, దీనికైనా డబ్బు కారణం ఉందనుకుందాం. యూట్యూబ్ అడిగే మరో ప్రశ్నకు తప్పు జవాబివ్వడానికి ఏ కారణం ఉంది? 2024 మార్చిలో `Altered content` అనే ప్రశ్న వచ్చింది. నిజమైన మనిషి అనని మాట అన్నట్టు చూపించారా, నిజంగా జరిగినదాన్నో నిజమైన చోటునో మార్చారా, జరగనిది జరిగినట్టు నిజంలా సృష్టించారా అని అడుగుతుంది. అవునని చెబితే ఆదాయం తగ్గదు, చూసేవాళ్లూ తగ్గరని యూట్యూబే చెప్పింది. వివరణలో ఒక లేబుల్ పడుతుంది, అంతే. వార్తలు, ఆరోగ్యం, ఎన్నికల్లాంటి విషయాలైతే వీడియో మీదే కనిపిస్తుంది.

ఇదే అన్న, నిన్న బొమ్మ ఏనుగుకు అక్కడ అవును పెట్టమన్నాడు! కంప్యూటర్ గీసిందట. కార్టూన్ ఏనుగును నిజమని ఎవరూ నమ్మరు, దానికి అక్కర్లేదు. అక్కరున్న రోజున మాత్రం నో పెట్టించాడు. 2024 సెప్టెంబరు, విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిన రోజులు. ప్రకాశం బ్యారేజీ గేట్లను బోట్లు ఢీకొన్నది నిజం. బ్యారేజీ బీటలు వారి కూలుతున్నట్టు ఈయన చేయించిన బొమ్మ అబద్ధం. వీడియోకి ముఖచిత్రం అదే, లోపల ఆరు సెకన్లు కదిలేదీ అదే. మా అత్తయ్య సింగ్ నగర్‌లో రెండో అంతస్తులో, కరెంటు లేక, ఫోన్‌లో పది శాతం చార్జింగ్‌తో ఉంది. ఎవరో పంపితే అది చూసి, మిగిలిన చార్జింగ్ అంతా "బ్యారేజీ పోయిందంట, మీరు బాగున్నారా" అని మాకు ఫోన్లు చేయడానికే వాడేసింది. రాత్రికి ఫోన్ ఆగిపోయింది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆమె ఎలా ఉందో మాకు తెలియదు. ఆ వీడియో ఎడిట్ చేసింది నేనే. నో నొక్కింది కూడా నా వేలే. అది నేను మర్చిపోలేదు. అందుకే ఇవాళ కుదరదన్నాను.

ఆయనకు పాస్‌వర్డ్ ఉంది, ఆయనే మార్చుకున్నాడు. ఇప్పుడే చూశాను. ఏనుగు పాట కింద కామెంట్లు తెరుచుకున్నాయి, నాలుగు వచ్చాయి. మూడింట్లో పువ్వులు, దండాలు. నాలుగోది ముక్కూ మొహం లేని ఖాతా నుంచి: "పాప ఏ స్కూల్లో చదువుతోంది?"

అది స్క్రీన్‌షాట్ తీసి వదినకు పంపాను. అన్నకు కాదు, వదినకు.