‘మనకు పెళ్లయింది’ అన్న మాటను తెలుగులోకి ఎలా తేవాలి?

తిరుపతిలో నా అనువాద తరగతి విద్యార్థులకు ఈమధ్య ఒకే ఒక్క వాక్యం ఇచ్చి తెలుగు చేయమన్నాను. అమెరికా రచయిత హెర్మన్ మెల్విల్ 1851లో అచ్చువేసిన ‘మోబీ డిక్’ నవల పదో అధ్యాయంలోది ఆ వాక్యం. తిమింగలాల వేట ఓడలో పని వెతుక్కుంటూ వచ్చిన కథకుడు ఇష్మాయిల్‌కు, న్యూ బెడ్‌ఫర్డ్ రేవు పట్టణంలోని ఒక సత్రంలో ఒకే మంచం పంచుకోవాల్సి వచ్చి క్వీక్వెగ్ పరిచయమవుతాడు. దూరపు సముద్ర దీవి నుంచి వచ్చిన ఈటెగాడు, ఒళ్లంతా పచ్చబొట్లు. ఒకరోజు సాయంత్రం ఇద్దరూ ఒకే పొగాకు గొట్టంలో పొగ పీలుస్తారు. తర్వాత క్వీక్వెగ్ తన నుదురు ఇష్మాయిల్ నుదుటికి ఆనించి, నడుము చుట్టూ చేతులు వేసి, ఇకనుంచి మనకు పెళ్లయింది అంటాడు. వాళ్ల దేశపు మాటలో దానికి అర్థం ప్రాణస్నేహితులమయ్యామని, అవసరమైతే క్వీక్వెగ్ తనకోసం సంతోషంగా చస్తాడని ఇష్మాయిల్ ఆ వాక్యంలోనే మనకు చెబుతాడు.

ఒక అమ్మాయి ‘పెళ్లయింది’ అని రాసి, కింద ‘వీరు స్వలింగ సంపర్కులు’ అని గమనిక పెట్టింది. ఒక అబ్బాయి పెళ్లి మాటే ఎత్తకుండా ‘జట్టు కట్టాం’ అని తేల్చేశాడు. ఎవరిది కరెక్టు సార్ అని ఇద్దరూ అడిగారు. ఇద్దరూ ఒకే పని చేశారని నాకనిపించింది. నవల తెరిచి ఉంచిన తలుపును ఒకరు ఇటు నుంచి, ఒకరు అటు నుంచి మూశారు.

అమ్మాయి గమనికతో మొదలుపెడదాం. ‘హోమోసెక్సువల్’ అన్న మాట మొదటిసారి అచ్చులో కనిపించింది 1869లో, జర్మన్ భాషలో, కెర్ట్‌బెనీ అనే రచయిత రాసిన కరపత్రంలో. ఈ నవల వచ్చిన 18 ఏళ్ల తర్వాత. మెల్విల్ కాలంలో కొన్ని చేష్టలు నేరం, పాపం అనేవారు కానీ, వాటిని బట్టి మనిషినే ఒక ప్రత్యేక రకంగా లెక్కగట్టే పద్ధతి ఇంకా స్థిరపడలేదు. పైగా తెలుగులో మనం వాడే ‘సంపర్కం’ శరీరాల కలయికను సూచిస్తుంది. నవలలో అలాంటి సంఘటన ఏదీ చెప్పలేదు. పుటలో లేని విషయాన్ని గమనిక రుజువైన సంగతిలా చెప్పేసింది.

అయితే అబ్బాయి అనువాదం మరింత తెలివైన తప్పు. అతను గట్టిగా వాదించాడు కూడా: ‘అలిపిరి మెట్లెక్కేటప్పుడు మేం భుజాల మీద చేతులేసుకునే నడుస్తాం. బయటివాళ్లు చూసి ఏదో అనుకుంటే మాది తప్పా?’ మంచి ప్రశ్న. మగవాళ్లు ఒకే మంచం పంచుకోవడం ఆనాటి అమెరికాలో మామూలే. అబ్రహాం లింకన్ యువకుడిగా స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తన మిత్రుడు జాషువా స్పీడ్‌తో కొన్నేళ్లు ఒకే మంచం మీద పడుకున్నాడు. కాబట్టి మంచం ఒక్కటే చూపించి ఏదీ తేల్చలేం.

కానీ ఆచారం ఎక్కడివరకు వివరిస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో నవలే గీత గీసి చూపిస్తుంది. మొదట ఇష్మాయిల్‌కు పరాయివాడితో పడుకోవడమే ఇష్టం లేదు. చెక్క బెంచీ మీద సర్దుకోవాలని చూస్తాడు. నాలుగో అధ్యాయంలో తెల్లారి లేచేసరికి క్వీక్వెగ్ చేయి అతని మీద ప్రేమగా వాలి ఉంటుంది. చూస్తే నేనతని భార్యనేమో అని దాదాపు అనుకునేవారు, అంటాడు. ఆ తర్వాత, సాటి మగవాణ్ని ఇలా భార్యాభర్తల తీరులో కావలించుకోవడం బాగోలేదని గొడవపెట్టి మరీ అతన్ని లేపుతాడు. అంటే ఆ కౌగిలి మామూలు కంటే ఎక్కువని ఆనాటి కథకుడికే తెలుసు. ‘ఆ రోజుల్లో ఎవరికీ అలా తోచేది కాదు’ అన్న వాదన ఈ నవల దగ్గర నిలబడదు.

పదో అధ్యాయానికి వచ్చేసరికి ఆ ఇష్మాయిలే మారిపోతాడు. భార్యాభర్తలు తమ మనసు అడుగు దాకా విప్పుకునేది పక్క మీదే అంటారు కదా అని గుర్తు చేసి, మేమిద్దరం మా హృదయాల హనీమూన్‌లో హాయిగా పడుకున్నాం అని సంతోషంగా చెబుతాడు. నన్ను ఆపేది ఈ మార్పే. ‘వాళ్లు ఎవరు’ అని అడిగితే ఇది కనబడదు. నాలుగో అధ్యాయంలో వద్దన్న పోలికను పదో అధ్యాయంలో తనే ఎందుకు ఎత్తుకున్నాడు అని అడిగితేనే కనబడుతుంది.

ఆ రెండింటి మధ్య నవల తనదైన సూచన ఒకటి ఇస్తుంది. క్వీక్వెగ్ పొగాకు సంచి అడుగు నుంచి దాదాపు 30 వెండి డాలర్లు తీసి, రెండు సమాన భాగాలు చేసి, ఒక భాగం ఇష్మాయిల్ జేబుల్లో పోసేస్తాడు. మా దేశంవాడు ఇంత త్వరగా ఇలా స్నేహం చూపిస్తే అనుమానించేవాణ్ని, ఇతని దగ్గర మన పాత నియమాలు చెల్లవు, అంటాడు ఇష్మాయిల్. (అతన్ని ‘అనాగరికుడు’ అనే చెబుతాడు, ఆ మాటలో ఉన్న చిన్నచూపును అనువాదంలో దాచకూడదు.) మెల్విల్ స్వయంగా పసిఫిక్ దీవుల్లో తిరిగినవాడు. తాహితీలో ‘తాయో’ అనే స్నేహబంధం ఉండేదని 1847లో వచ్చిన తన ‘ఓమూ’ పుస్తకంలో రాశాడు. ఇచ్చిపుచ్చుకోవడాలతో కట్టుబడే బంధం అది. కాబట్టి క్వీక్వెగ్ అనే ‘పెళ్లి’ వెనుక మన కాలపు పేరు గానీ, ‘ఉత్త స్నేహం’ గానీ కాని మూడో సంగతి ఉంది. అందులో కోరిక లేదని ఎవరూ రుజువు చేయలేరు. ఉందని రాసి ఇవ్వనూ లేరు.

ఇక అనువాదం సంగతి. ‘జట్టు’ అని రాస్తే వచ్చే నష్టం పదో అధ్యాయంలో తెలియదు, 72వ అధ్యాయంలో తెలుస్తుంది. అక్కడ క్వీక్వెగ్ ఓడ పక్కన నీళ్లలో, జారిపోయే తిమింగలం కళేబరం మీద నిలబడి పని చేస్తుంటాడు. అతని నడుము పట్టీకి కట్టిన తాడు రెండో కొస పైన ఇష్మాయిల్ నడుముకు కట్టి ఉంటుంది. మంచికైనా చెడుకైనా ఈ కాసేపు మా ఇద్దరికీ పెళ్లయింది, అతను మునిగితే తాడు కోయకూడదు, నేనూ వెంట మునగాల్సిందే అంటాడు ఇష్మాయిల్. అక్కడే అతన్ని విడదీయరాని కవల సోదరుడు అని కూడా అంటాడు. ఇష్మాయిల్ కోసం చస్తానన్న క్వీక్వెగ్ మాట తిరిగి వచ్చి ఇప్పుడు తాడై కూర్చుంది. ‘పెళ్లి’ని మొదటిచోట తీసేసినవాడికి రెండోచోట ఈ ముడి అందదు. ‘స్వలింగ సంపర్కులు’ అని ముందే చెప్పినవాడికి ఆ ‘కవల సోదరుడు’ ఎక్కడ పెట్టాలో తెలియదు.

నేను వాళ్లకు చెప్పింది ఇంతే: పెళ్లిని పెళ్లిగానే ఉంచండి, ఇష్మాయిల్ ఇచ్చిన వివరణను వదలకండి, గమనిక పెట్టకండి. చివరకు ‘ప్రాణస్నేహితులు’ అన్న మాట దగ్గర మళ్లీ చిక్కొచ్చింది. పుస్తకాల భాషలా ఉందన్నారు. చిత్తూరు వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒకామె, మా ఊళ్లో స్నేహితుణ్ని ‘జతగాడు’ అంటాం సార్, అంది. జత అంటే స్నేహితుల జతా అవుతుంది, దంపతుల జతా అవుతుంది. ఆ మాట విని ‘జట్టు’ అబ్బాయి తన కాగితం మీద పాత పదం కొట్టేసి, ‘ఇకనుంచి మనకు పెళ్లయిందన్నాడు, వాళ్ల దేశపు మాటలో, ప్రాణమిచ్చే జతగాళ్లమయ్యామని’ అని మళ్లీ రాసుకున్నాడు.