లేబుల్‌లో ఉప్పు తరువాత వచ్చే పేర్లు

ఐబీఎస్ అనే పేగు సమస్య కారణంగా, పేగులో సరిగా జీర్ణం కాని పిండిపదార్థాలను తగ్గించే తక్కువ ఫాడ్‌మ్యాప్ ఆహారం తీసుకుంటున్నవారు ప్యాకెట్ చేతిలోకి తీసుకోగానే పోషక విలువల పట్టిక చూస్తారు. అయితే పేగులో పులిసి గ్యాస్, నొప్పి కలిగించే ఫ్రక్టాన్లనే పిండిపదార్థాలకు ఆ పట్టికలో విడిగా గడి ఉండదు. వారికి పనికొచ్చేది దాని పక్కన చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితా.

ఈ జాబితాలో బరువు ఎక్కువగా ఉన్నవి ముందు, తక్కువగా ఉన్నవి తరువాత వస్తాయి. అందువల్ల చివరన ఉన్నవాటిని పట్టించుకోనక్కరలేదన్న సలహా తరచూ వినిపిస్తుంది. అది సగమే నిజం.

ఒక మసాలా చిప్స్ ప్యాకెట్‌ను ఊహించుకుందాం. 100 గ్రాములకు సోడియం 600 మిల్లీగ్రాములు అని ఉంది. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు గరిష్ఠంగా 1.5 గ్రాములు అవుతుంది. అంటే 30 గ్రాముల చిప్స్‌లో 0.45 గ్రాములకు మించదు. జాబితాలో ఉప్పు తరువాత పాలపొడి, వెల్లుల్లి పొడి ఉంటే అవి కూడా ఒక్కొక్కటి ఆ పరిమాణాన్ని దాటవు. పాలపొడిలో సగం, ఈ కోవకే చెందిన పాల చక్కెర లాక్టోజ్ అనుకున్నా పావు గ్రాము కూడా రాదు. ఒక పూటకు లాక్టోజ్ పరిమితి సుమారు ఒక గ్రాము కాబట్టి దానితో ఇబ్బంది లేదు. వెల్లుల్లి పొడి సంగతి వేరు. అందులో సగం ఫ్రక్టాన్లే అనుకుంటే 0.22 గ్రాములు వస్తాయి, ఫ్రక్టాన్ల వంటి వాటికి మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పెట్టుకున్న హద్దు పూటకు 0.2 నుంచి 0.3 గ్రాములే. పక్కనే ఉల్లిపొడి కూడా ఉన్నా, చిప్స్ రెండింతలు తిన్నా ఆ హద్దు దాటిపోవచ్చు. కాబట్టి జాబితాలో ఎక్కడుందన్నదానితో పాటు, ఏమిటది అన్నదీ చూడాలి.

ఈ లెక్కకూ ఒక మినహాయింపు ఉంది. రెండు శాతం కన్నా తక్కువ ఉన్న పదార్థాలను ఏ వరుసలోనైనా రాయడానికి కొన్ని దేశాల నిబంధనలు అనుమతిస్తాయి. అక్కడ ఉప్పు కొలబద్దగా పనికిరాదు; గరిష్ఠంగా రెండు శాతం ఉందనుకొని లెక్కించడమే క్షేమం. ‘మసాలా దినుసులు’, ‘సహజ రుచులు’ అన్న మాటల చాటున వెల్లుల్లి ఉండే అవకాశం కూడా ఉంది. ఉప్పగా, కారంగా ఉండే తినుబండారాల మీద ఆ మాటలు కనిపిస్తే, తయారీదారు నుంచి స్పష్టత వచ్చేదాకా ఆహార నియంత్రణ తొలి దశలో వాటిని మానుకోవడమే నా దృష్టిలో సబబు. వెల్లుల్లి నూనె విషయంలో మాత్రం ఈ భయం అక్కరలేదు, ఫ్రక్టాన్లు నూనెలో కరగవు.

ప్యాకెట్ ముందువైపు కనిపించే ‘గ్లూటెన్ లేదు’, ‘పీచు అధికం’ అన్న మాటలు మరింత తప్పుదారి పట్టిస్తాయి. గ్లూటెన్ ప్రొటీన్, అది లేనంత మాత్రాన ఫ్రక్టాన్లు లేవని కాదు. బియ్యప్పిండితో చేసిన బార్‌లో పీచు 6 గ్రాములని రాసి ఉంటే, అంత పీచు బియ్యప్పిండి నుంచి రాదు గనుక జాబితాలో ఇన్యులిన్ లేదా చికోరీ వేరు పీచు కోసం వెతకాలి. ఇన్యులిన్ కూడా ఫ్రక్టానే, అది అక్కడ మిల్లీగ్రాముల్లో కాక గ్రాముల్లో ఉంటుంది.