"తెలుసు" అన్నాడు కాబట్టి పెద్దోడైపోయాడా?

ఘోరమైన కేసులో మైనర్ దొరికిన ప్రతిసారీ ఒకటే మాట వినిపిస్తది, పెద్దోళ్లు చేసే నేరం చేశాడు కాబట్టి పెద్దోళ్లకేసే శిక్షే వెయ్యాలి అని. చనిపోయినోళ్ల ఇంట్లో వాళ్లు ఆ మాట అంటే వాళ్లని తప్పు పట్టలేం. కానీ 2015 జువైనల్ జస్టిస్ చట్టం అలా నేరాన్ని ఒక్కదాన్నే చూసి తేల్చేయమనలేదు.

కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న నేరాల్లో, 16 నిండి 18 నిండని పిల్లల విషయంలో జువైనల్ జస్టిస్ బోర్డు మొదట ప్రిలిమినరీ అసెస్‌మెంట్ చెయ్యాలి, అది సెక్షన్ 15. ఆ నేరం చేసే శారీరక, మానసిక సామర్థ్యం ఉందా, పర్యవసానం అర్థం చేసుకోగలడా, ఏ పరిస్థితుల్లో జరిగింది, ఇవి చూడాలి. ఇది విచారణ కాదని చట్టమే చెప్తోంది, ఎందుకంటే అప్పటికి నేరం రుజువే కాలేదు.

అసలు చిక్కు ఇక్కడే. ఒక ఉదాహరణ అనుకుందాం. పదహారున్నర ఏళ్ల కుర్రాడు, నలుగురు ఫ్రెండ్స్‌తో కలిసి గొడవకి పోయాడు, కత్తి వీడి చేతిలో ఉంది, ఒకతను చనిపోయాడు. రెండు నెలల తర్వాత ప్రశాంతంగా ఉన్న గదిలో కూర్చోబెట్టి "కత్తితో పొడిస్తే మనిషి చచ్చిపోతాడని తెలుసా?" అని అడిగితే ఏమంటాడు? తెలుసు అంటాడు, పదేళ్లోడు కూడా అదే అంటాడు. దాంతో రిపోర్టులో "సామర్థ్యం ఉంది" అని రాసేస్తే పెద్దోడిలా విచారించడానికి కేసు చిల్డ్రన్స్ కోర్టుకి వెళ్లే దారి పడిపోయినట్టే.

తెలియడం వేరు, ఆ క్షణంలో ఆగగలగడం వేరు. తీరిగ్గా ఆలోచించే తెలివి పదహారుకల్లా దాదాపు పెద్దోళ్లంత వచ్చేస్తది, కానీ ఆవేశంలో, తోటోళ్లు చూస్తుండగా తనని తాను ఆపుకునే శక్తి ఇంకా కొన్నేళ్లకి గానీ కుదురుకోదని మెదడు ఎదుగుదల మీద పరిశోధనలు చెప్తున్నాయి. చట్టం పిల్లల్ని వేరుగా చూడ్డానికి పెద్ద కారణం ఇదే, జాలి కాదు. ఐక్యూ టెస్టులో వచ్చిన మార్కు ఈ రెండో సంగతి చెప్పదు. దానికి ఇంటి పరిస్థితి, చదువు ఎప్పుడు ఆగింది, ఆ గ్యాంగ్‌లో వీడి మాట చెల్లుద్దా లేక వీడు వెనకాల తిరిగేవాడా, ఇవన్నీ తెలియాలి, అవి ఒక్క సిట్టింగ్‌లో తేలవు.

2022లో సుప్రీంకోర్టు ఒక స్కూలు విద్యార్థి హత్య కేసులో, బోర్డులో పిల్లల మానసిక శాస్త్రం చదివి ప్రాక్టీస్ చేస్తున్నోళ్లు లేకపోతే నిపుణుల సాయం తీసుకుని తీరాల్సిందేనని చెప్పింది. మేం అడిగేది కూడా ఇదే, చట్టం ఇచ్చిన మూడు నెలల గడువులో కనీసం రెండు మూడు సార్లు పిల్లాడితో మాట్లాడాలి, రిపోర్టు కాపీ వాడి తరఫు లాయరుకి అందాలి. ఎందుకంటే వాడు స్పెషల్ హోమ్‌లో ఎక్కువలో ఎక్కువ మూడేళ్లుండి బయటకొస్తాడా, లేక 21 నిండాక పెద్దోళ్ల జైలుకి పోవాల్సొస్తదా అన్న లెక్క మొదలయ్యేది ఆ కాగితం దగ్గరే.