రిటెన్షన్ సొమ్మును ఖర్చులో కలిపితే లాభం నష్టంగా కనిపిస్తుంది

"బిల్డర్ల లెక్క చాలా తేలిక. ఏడాది చివర ఇంజనీరు ధ్రువీకరించిన బిల్లుల మొత్తంలోంచి సైటు మీద పెట్టిన ఖర్చంతా తీసేయండి. లోపాలకు హామీగా యజమాని రిటెన్షన్ కింద పట్టుకున్నది కూడా మన చేతికి రాలేదు కాబట్టి దాన్నీ తీసేయండి. మిగిలిందంతా ఆ ఏడాది లాభం, మిగలకపోతే నష్టం."

బిల్డర్ల మధ్య వినిపించే ఈ సూత్రం తప్పు. 1.5 కోట్లకు ఒప్పుకున్న ఒక పాఠశాల భవనాన్ని తీసుకుందాం. మార్చి 31 నాటికి సిమెంటు, స్టీలు, కూలీలు, సైటు జీతాలు, యంత్రాల తరుగుదల కలిపి 84 లక్షలైంది. ధ్రువీకరించిన పని 90 లక్షలు. అందులో పది శాతం, అంటే 9 లక్షలు రిటెన్షన్‌గా ఆపి 81 లక్షలు చెల్లించారు. పై సూత్రం ప్రకారం ఈ సైటుకు 3 లక్షల నష్టం. ఈ అంకె చూసి భయపడి తర్వాతి టెండరులో రేటు పెంచుకుని పని పోగొట్టుకునే బిల్డర్లు ఉంటారు. అందుకే దీన్ని ఇంత పట్టుదలగా ఖండిస్తున్నాను.

మొదట ఖర్చు సంగతి. ఆ 84 లక్షల్లో 4 లక్షల స్టీలు ఇంకా సైటులోనే పడి ఉంది. అది వచ్చే ఏడాది పనికి వాడే సరుకు. దాన్ని తీసేస్తే జరిగిన పనికైన ఖర్చు 80 లక్షలు. ఎం.బుక్‌లో చివరి కొలతలు మార్చి 20న రాశారు. ఆ తర్వాతి పదకొండు రోజుల్లో కట్టిన గోడల ఖర్చు 5 లక్షలు ఈ 80లో ఉంది, వాటి బిల్లు మాత్రం 90లో లేదు. కాబట్టి ధ్రువీకరణ కాని ఆ పనిని 90కి కలపాలి. కలిపేటప్పుడు బిల్లు రేటు కట్టకూడదు, అయిన ఖర్చుకే కట్టాలి. ఇంజనీరు ఇంకా కొలవని పని మీద లాభం చూపడానికి ఆధారం లేదు. ఇప్పుడు 95లోంచి 80 తీసేస్తే 15 లక్షలు. దీన్నే నోషనల్ లాభం అంటారు. మీ లెక్కలో ఈ తప్పు ఉందో లేదో తెలుసుకోవాలంటే చివరి కొలతల తేదీనీ, ఆ రోజు తర్వాత పడిన కూలీ మస్టర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి.

రిటెన్షన్ మనకు రావలసిన బాకీ. పనిలో లోపాలుంటే సరిదిద్దాల్సిన గడువు ముగిశాక, ఒప్పందం ప్రకారం అది తిరిగి వస్తుంది. మన పుస్తకాల్లో యజమాని నుంచి రావలసిన ఆస్తిగానే ఉండాలి. లోపాలు సరిదిద్దడానికి డబ్బు పెట్టాల్సి వస్తుందనిపిస్తే, ఆ మేరకు అంచనా వేసి విడిగా కేటాయించుకోవాలి తప్ప 9 లక్షలూ పోయాయని రాసుకోకూడదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 2018 ఫైనాన్స్ చట్టం చేర్చిన 43సీబీ సెక్షన్ కూడా కాంట్రాక్టు ఆదాయంలో రిటెన్షన్ కలిసే ఉంటుందని స్పష్టంగా చెప్పింది. ఇక్కడ ఇంకో పొరపాటు తరచుగా జరుగుతుంది. చెక్కులో తగ్గిన మొత్తమంతా రిటెన్షనే అనుకుంటారు. టీడీఎస్ మన తరఫున కట్టిన పన్ను. మొబిలైజేషన్ అడ్వాన్సు కోత మనం ముందే తీసుకున్న డబ్బు. ఆ రెండింటినీ అందిన సొమ్ముగానే లెక్కించాలి.

ఇక అసలు చిక్కు లాభం దగ్గర ఉంది. 15 లక్షలు వచ్చాయి కదా అని మొత్తం ఈ ఏడాదికే రాసుకోవచ్చా? కాస్టింగ్ పాఠ్యపుస్తకాల పద్ధతిలో పని నాలుగో వంతు కూడా కాకపోతే లాభమే తీసుకోరు. సగం దాటితే నోషనల్ లాభంలో మూడింట రెండు వంతులు తీసుకుని, దాన్ని అందిన సొమ్ము నిష్పత్తితో తగ్గిస్తారు. మన భవనం 60 శాతం పూర్తయింది. 15లో మూడింట రెండు వంతులు 10, అందులో 90కి 81 చొప్పున 9 లక్షలు. మిగతా 6 లక్షలు రిజర్వులో ఉంటాయి.

ఈ జాగ్రత్త ఎందుకో మిగిలిన పని చూస్తే తెలుస్తుంది. చాలామంది బిల్డర్లు పునాది, స్లాబు పనులకు రేటు ఎక్కువ, ప్లాస్టరింగు, టైల్సుకు తక్కువ వేస్తారు. తొలి బిల్లుల్లో డబ్బు త్వరగా రావడానికి అలా చేస్తారు. ఈ భవనం పూర్తి కావడానికి ఇంకా 55 లక్షలు కావాలని అంచనా. అంటే మొత్తం ఖర్చు 135, మొత్తం లాభం 15 లక్షలే. ఆ 15నీ ఇప్పుడే తీసేసుకుంటే మిగతా 60 లక్షల పని లాభమే లేకుండా సాగుతుంది.

పాఠ్యపుస్తకాల భిన్నాలు చట్టం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇండ్ ఏఎస్ అనే అకౌంటింగ్ ప్రమాణాల పరిధిలోకి రాని సంస్థలకు వర్తించే, కాంట్రాక్టుల అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 7 ప్రకారం, ఫలితాన్ని నమ్మకంగా అంచనా వేయగలిగితే పని జరిగిన శాతాన్ని బట్టి లాభం చూపాలి. 135లో 80 అయింది కాబట్టి సుమారు 59 శాతం, లాభం దాదాపు 8.9 లక్షలు. ఇక్కడ రెండు పద్ధతులూ దగ్గరగా రావడం యాదృచ్ఛికం. మరో సైటులో చాలా దూరంగా ఉండవచ్చు.

స్టీలు ధర పెరిగి మొత్తం ఖర్చు అంచనా 158 లక్షలకు చేరితే లాభం మాట దేవుడెరుగు. ఇంకా 60 శాతం పనే అయినా, చేతిలో నోషనల్ లాభం 15 లక్షలు కనిపిస్తున్నా, రాబోయే 8 లక్షల నష్టాన్నీ ఏఎస్ 7 ఈ ఏడాదే పూర్తిగా రాయమంటుంది. పన్ను లెక్కలో కాంట్రాక్టు ఆదాయాన్ని లెక్కించే ప్రమాణమైన ఐసీడీఎస్ 3 మాత్రం పని జరిగిన మేరకే దాన్ని ఒప్పుకుంటుంది. కాబట్టి పుస్తకాల లెక్క, పన్ను లెక్క అక్కడ విడివిడిగా నడపక తప్పదు.