బోల్ట్ వేగం 44.72 అనేవాళ్లకు ఒక ప్రశ్న: ఎక్కడ?

ఉసేన్ బోల్ట్ గంటకు 44.72 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తాడని ఏటా ఎక్కడో ఒకచోట రాస్తూనే ఉంటారు. దాని పక్కనే మన కుర్రాడు అనిమేష్ కుజూర్ 2025లో వంద మీటర్లు పరిగెత్తిన 10.18 సెకన్లను తీసుకుని గంటకు 35.36 అని లెక్క కట్టి, తేడా తొమ్మిది కిలోమీటర్లు అని బాధపడతారు. ఆ రెండు అంకెలనీ ఒక వాక్యంలో పెట్టకూడదని నా వాదన. లెక్క తప్పు కాదు. రెండూ ఒకే వస్తువు కొలతలు కావు, అదీ సమస్య.

ముందు లెక్క సంగతి తేల్చేద్దాం, అది చిన్నది. సెకనుకు ఇన్ని మీటర్లు అన్నదాన్ని 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి, ఎందుకంటే గంటకు 3600 సెకన్లు, కిలోమీటరుకు 1000 మీటర్లు. వంద మీటర్ల పరుగుకైతే మధ్యలో మీటర్ల మెట్టు కూడా అక్కర్లేదు. 360ని టైమ్‌తో భాగించండి చాలు. 20 మీటర్ల ముక్కకు 72ని, పది మీటర్ల ముక్కకు 36ని భాగించాలి. బోల్ట్ వంద మీటర్ల టైమ్ 9.58 సెకన్లకు 360 బై 9.58, అంటే 37.58. ఇది మొత్తం పరుగు సగటు. 10.18కి వచ్చిన 35.36 కూడా సగటే. అసలు తేడా రెండు కిలోమీటర్ల చిల్లర, తొమ్మిది కాదు. 44.72 వేరే చోటి నుంచి వచ్చింది.

ఎక్కడి నుంచంటే, 2009 ఆగస్టు 16న బెర్లిన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ వంద మీటర్ల ఫైనల్లో 20 మీటర్లకోసారి తీసిన స్ప్లిట్ల నుంచి. బోల్ట్ 20 మీటర్ల దగ్గర 2.89, 40 దగ్గర 4.64, 60 దగ్గర 6.31, 80 దగ్గర 7.92, చివరికి 9.58. ఇవి మొదటి నుంచి కూడుకుంటూ వచ్చిన టైమ్‌లు. ముక్క టైమ్ కావాలంటే వెనకదాన్ని తీసేయాలి. 60 నుంచి 80 వరకు 7.92లోంచి 6.31 తీస్తే 1.61 సెకన్లు, 72ని దానితో భాగిస్తే 44.72. మిగతావి కూడా ఇలాగే చేస్తే వరుసగా 24.91, 41.14, 43.11, 44.72, 43.37 వస్తాయి. ఈ ఐదింటిలో 37.58కి దగ్గరగా ఉన్నది ఒక్కటైనా ఉందేమో చూడండి. లేదు. పరుగులో క్షణకాలం ఆ వేగాన్ని దాటి పైకి వెళ్లి ఉంటాడు, అంతే, మళ్లీ అక్కడికి దిగలేదు.

ఇక్కడ తెలివైనవాళ్లు కూడా జారిపడతారు. ఆ ఐదు వేగాల్నీ కూడి ఐదుతో భాగిస్తే సగటు రావాలి కదా అంటారు. వచ్చేది 39.45. దాదాపు రెండు కిలోమీటర్లు ఎక్కువ! మొదటి ముక్కలో బోల్ట్ 2.89 సెకన్లు గడిపాడు, నాలుగో ముక్కలో 1.61 మాత్రమే. నెమ్మదిగా ఉన్నచోటే ఎక్కువసేపు ఉన్నాడు కాబట్టి ఆ నెమ్మదికి లెక్కలో బరువు ఎక్కువ. పైగా ఆ 2.89లో తుపాకీ మోత విని కదలడానికి పట్టిన 0.146 సెకను కూడా ఉంది, అప్పుడు అసలు పరుగే లేదు. దాన్ని తీసేస్తే మొదటి ముక్క 26.24 అవుతుంది.

ఇక ఆ రెండు దశాంశాల దర్జా చూడండి. 1.61 బదులు 1.62 అయితే 44.44. సెకనులో వందో వంతు మారితే కిలోమీటరులో పావు వంతు పైన ఊగుతుంది. పది మీటర్ల ముక్కయితే ఇంకా ఘోరం, 0.82 అంటే 43.90, 0.81 అంటే 44.44, అర కిలోమీటరు పైనే తేడా. అదే వందో వంతు మొత్తం వంద మీటర్ల మీద చూస్తే 0.04 మాత్రమే. ముక్క చిన్నదయ్యేకొద్దీ వేగం ఆకర్షణీయంగా కనిపిస్తుంది, నమ్మకం తగ్గుతుంది. ఫోన్ వీడియోతో స్ప్లిట్లు తీసే స్కూల్ పీఈటీలకు ఇది బాగా తెలియాలి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఒక్క ఫ్రేమ్ అంటే 0.033 సెకను. పది మీటర్లు 1.20లో దాటిన పిల్లవాడి వేగం 30, ఒక ఫ్రేమ్ అటుగా చూస్తే 29.2. ఫోన్‌ని ఒక్కచోట నిలబెట్టి తీస్తే ముక్క చివర గుర్తుగా పెట్టిన కోన్ ఏటవాలుగా కనబడి ఇంకా తప్పుతుంది.

గంటకు కిలోమీటర్లలో చెబితేనే జనానికి అర్థమవుతుంది, సెకనుకు 12.42 మీటర్లంటే ఎవడికి తెలుస్తుంది అనే మాట ఉంది. నిజమే, బండి నడిపేవాడికి 44 అంటే కళ్లకు కడుతుంది. చెప్పండి, కాదనను. కానీ ఏ ముక్కలోదో కూడా చెప్పండి, నాలుగు మాటలు ఎక్కువవుతాయి అంతే.

స్ప్లిట్లు చదవడం వస్తే కామెంటరీ కూడా వేరేగా వినిపిస్తుంది. "చివర్లో స్పీడ్ పెంచేశాడు" అంటారు చూశారా, అది నాకు ఒళ్లు మండే మాట. అదే రేసులో రెండో స్థానం టైసన్ గే, 9.71. అతను 60 నుంచి 80 వరకు 1.63, ఆఖరి 20 మీటర్లు 1.69. బోల్ట్ 1.61, 1.66. ఇద్దరూ నెమ్మదించారు, గే కాస్త ఎక్కువ నెమ్మదించాడు. ఆఖరి ముక్కలో దూరం పెరగడం చూసి ముందున్నవాడు గేరు మార్చాడనుకుంటాం, కానీ జరిగింది వెనకవాడు ఇంకొంచెం ఎక్కువ తగ్గడం. వంద మీటర్లలో ఆఖర్న వేగం పెంచే మనిషిని చూపించండి, స్ప్లిట్లు ముందు పెట్టుకుని మాట్లాడదాం.

ఇదంతా మనకు ఎందుకు కనబడదంటే, వేగమంటే మనం నేర్చుకున్నది కోచింగ్ సెంటర్ల రైలు లెక్కలోంచి. 72 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు స్తంభాన్ని ఎన్ని సెకన్లలో దాటుతుంది, 5/18తో గుణించు, టిక్కు పెట్టు. ఆ రైలు ఎప్పుడూ స్టేషన్‌లోంచి బయలుదేరదు, ఎప్పుడూ బ్రేకు వేయదు. 18/5 నిద్రలో అడిగినా చెప్పే కుర్రాళ్లు, అది దేన్ని గుణిస్తోందో అడిగితే నీళ్లు నములుతారు.

ఆ కుర్రాళ్లే పొద్దున గ్రౌండ్‌కి వస్తారు. ఏపీ కానిస్టేబుల్ ఫిజికల్ టెస్టులో జనరల్ పురుష అభ్యర్థులకు వంద మీటర్లు 15 సెకన్లు. 360 బై 15, గంటకు 24. సరే అని స్నేహితుడి బండిని 24లో నడిపించి, దాని పక్కన పరిగెత్తి ప్రాక్టీస్ చేస్తే? ఫెయిల్. మొదటి 20 మీటర్లకు 3.8 సెకన్లు పట్టిందనుకోండి, మిగిలిన 80 మీటర్లకు 11.2 సెకన్లే మిగులుతాయి. అంటే ఆ 80 మీటర్లు సగటున 25.7లో పరిగెత్తాలి, మధ్యలో అంతకన్నా పైకి వెళ్లాలి, ఎందుకంటే చివర్లో తగ్గుతాడు. బండి స్పీడోమీటరు సాధారణంగా అసలు వేగం కన్నా కాస్త ఎక్కువే చూపిస్తుంది కాబట్టి, ముల్లు 24 దగ్గర ఉన్నప్పుడు కుర్రాడు ఆ 24 కూడా పరిగెత్తడం లేదు.