ఇంటర్వ్యూ మార్కులు: వేసేది ఎప్పుడు, సవరించేది ఎలా?

ప్రశ్న: “మా సంస్థలో రెండు ప్యానెళ్లు వేరువేరు అభ్యర్థులను ఇంటర్వ్యూ చేస్తున్నాయి. సభ్యులు చర్చించుకోకముందే మార్కులు వేయాలా? రెండు ప్యానెళ్ల మార్కులను తర్వాత సవరించడం న్యాయమేనా?”

హెచ్‌ఆర్ అధికారిణి: చర్చకు ముందే, ఎవరికి వారు వేయాలి. అభ్యర్థి బయటికి వెళ్లగానే పెద్దవారు “నేనైతే ఎనిమిది వేస్తాను” అన్నారంటే, ఐదు వేద్దామనుకున్న జూనియర్ కూడా ఏడు వేసేస్తారు. ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలలో ఆఫ్రికావి ఎంత శాతమో ఊహించమని అడిగే ముందు, ఒక ప్రయోగంలో, మనస్తత్వవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్‌లు అంకెల చక్రం తిప్పి చూపించారు. 1974లో వారు ప్రచురించిన వ్యాసం ప్రకారం, చక్రం మీద 10 చూసినవారి మధ్యస్థ అంచనా 25 కాగా, 65 చూసినవారిది 45. సంబంధంలేని అంకే అంతగా లాగితే, పై అధికారి చెప్పిన అంకె మాటేమిటి?

విభాగాధిపతి: చక్రాలు తిప్పి ఉద్యోగాలివ్వం కదండీ. నేను తీసుకున్న కుర్రాడు మా కాలేజీవాడే, చక్కగా పనిచేస్తున్నాడు. అక్కడి చదువు ఎలాంటిదో నాకు తెలుసు కాబట్టే తీసుకున్నాను. అది పక్షపాతమా?

హెచ్‌ఆర్ అధికారిణి: అతను బాగానే చేస్తున్నాడు సార్, కాని మీరు వద్దన్నవారు ఎలా చేసేవారో మనకు తెలియదు. సర్వర్ ఆగిపోతే ముందు ఏం చూస్తారని అడిగినప్పుడు అతనూ, మరొకరూ దాదాపు ఒకే జవాబు చెప్పారు. మీ కాగితంలో అతనికి “ధీమా ఉంది” అని, రెండో వ్యక్తికి “పుస్తక జ్ఞానం” అని ఉంది. ఏ జవాబుకు రెండు, ఏ జవాబుకు నాలుగు అన్నది ముందే రాసుకుని, జవాబు ముగిసిన వెంటనే మార్కు వేస్తే ఈ తేడాకు చోటు తగ్గుతుంది.

విభాగాధిపతి: రాసుకున్న ప్రశ్నలే అడిగితే మనిషి లోతు తెలియదు.

హెచ్‌ఆర్ అధికారిణి: అందులో సగం నిజముంది. అనుబంధ ప్రశ్నలు అడగండి, అయితే అందరినీ అడగండి.

విభాగాధిపతి: సరే, మరి మేము వేసిన మార్కులను మీరు మార్చడమేమిటి?

హెచ్‌ఆర్ అధికారిణి: మీ ప్యానెల్ సగటు 7, రెండోదాని సగటు 5.5 అనుకుందాం. మీ దగ్గర 7.5 వచ్చినవారు సగటు కంటే అర మార్కే ఎక్కువ, అక్కడ 6.5 తెచ్చుకున్నవారు ఒక మార్కు ఎక్కువ. ప్రతి మార్కులోంచి ఆ ప్యానెల్ సగటును తీసివేసి సవరిస్తే రెండోవారే ముందుంటారు.

విభాగాధిపతి: అనుభవజ్ఞులందరినీ మా గదికే పంపి ఉంటే? మా అభ్యర్థులు నిజంగానే మెరుగైనవారైతే, మీ తీసివేత వారికి శిక్షే కదా?

హెచ్‌ఆర్ అధికారిణి: ఈ పద్ధతిలో బలహీనత సరిగ్గా అక్కడే ఉంది. అభ్యర్థులను చీటీలు తీసి పంచినా, గదికి ఎనిమిది మందే ఉంటే సగటు యాదృచ్ఛికంగానే మారవచ్చు. అందుకే రికార్డు చేసిన కొన్ని ఇంటర్వ్యూలను, అభ్యర్థుల అనుమతితో, రెండు ప్యానెళ్లకూ చూపించి మార్కులు వేయించాలి. అక్కడా ఒకటిన్నర తేడా వస్తే మీ చేయి ఉదారమైనదని అనుకోవచ్చు; తేడా రాకపోతే సవరణ అక్కర్లేదు.

విభాగాధిపతి: కొన్ని రికార్డింగులతో అది తేలుతుందా?

హెచ్‌ఆర్ అధికారిణి: పూర్తిగా తేలదు. కాబట్టి అసలు మార్కులను చెరపకుండా, సవరణతో స్థానం మారే సరిహద్దు అభ్యర్థులను మాత్రం మళ్లీ చర్చకు పెట్టాలి.

విభాగాధిపతి: ఆ చర్చలో మళ్లీ నేనే ముందు మాట్లాడితే?

హెచ్‌ఆర్ అధికారిణి: జూనియర్ మాట్లాడాకే మీ వంతండి. మార్కు మార్చాలంటే ఏ జవాబు చూసి మార్చారో రాసి సంతకం చేయాలి.

విభాగాధిపతి: సంతకం చేస్తాను గాని, ఆ సగటు లెక్క మీద నాకింకా నమ్మకం కుదరలేదు.