ఎంక్వైరీ చవక, విజిట్ ఖరీదు

“ఫేస్‌బుక్ యాడ్స్‌లో 200 రూపాయలకే ఎంక్వైరీ వస్తుంటే గూగుల్‌లో 1,000 పెట్టడం దండగ కాదా?”

శంషాబాద్ వైపు ప్లాట్లకు మేమూ అలాగే అనుకుని గూగుల్ ఆపేయబోయాం. ఒక నెల రెండింటికీ చెరో 50 వేలు పెట్టి, ప్లాట్లు చూడ్డానికి సైట్‌కి వచ్చినవాళ్లను లెక్కపెట్టాం. ఫేస్‌బుక్‌లో 250 ఎంక్వైరీలకు 5 విజిట్లు, అంటే ఒక్కోటి 10 వేలు. గూగుల్‌లో 50 ఎంక్వైరీలకే 10 విజిట్లు, ఒక్కోటి 5 వేలు. ఫేస్‌బుక్ ఫారంలో పేరు, నంబర్ ముందే నిండి ఉంటాయి కదా, వేలు తగిలినా లీడే!

అయితే తప్పంతా ఫేస్‌బుక్‌ది కాదని తర్వాత తెలిసింది. ఆ లీడ్స్‌ని మావాళ్లు రోజుకోసారి, పొద్దున్నే షీట్‌లోకి దించుకునేవారు. మధ్యాహ్నం ఫారం నింపినాయనకు మర్నాడు ఫోన్ వెళ్తే “ఏ ప్రాజెక్ట్ అండీ?” అనేవాడు. ఆలోపు ఇంకో ఇద్దరు ఆయనతో మాట్లాడేసి ఉంటారు. గూగుల్ నుంచి మాకు నేరుగా ఫోన్లే ఎక్కువ, అక్కడ ఈ ఆలస్యం లేదు.

లీడ్ వచ్చిన టైం, మొదటి కాల్ టైం పక్కపక్కన రాసి చూడండి. ఒకే యాడ్‌లో పావుగంటలోపు ఫోన్ వెళ్లినవాళ్లే ఎక్కువగా సైట్‌కి వస్తుంటే లోపం మీ కాలింగ్‌లో ఉన్నట్టే. రాత్రి లీడ్స్ మాత్రం అందులో కలపకండి, వాటికి ఆలస్యం ఎలాగూ తప్పదు.